ఇంకో మనిషి కావాలంటే...

"ఉన్నవాళ్ళతో సర్దుకోండి." ఆటోనగర్‌లో పంపు విడిభాగాలు చేసే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్న మా అక్క కూతురికి ఈమధ్య మేనేజరు నుంచి వచ్చిన జవాబు ఇది. ఇంకొక అకౌంటెంటు కావాలని ఆమె రెండు పేజీల అర్జీ పెడితే, ఈ ఒక్క ముక్క రాసి తిప్పి పంపారు. నాకు ఒళ్ళు మండింది. కాగితాలు తెప్పించుకుని చూశాను.

నెలకు 900 కొనుగోలు బిల్లులు వస్తాయి. ఆర్డరుతోనూ, స్టోర్స్ ఇచ్చే జీఆర్ఎన్‌తోనూ సరిపోల్చి, పన్ను వివరాలు చూసి ఎక్కించడానికి ఒక్కో బిల్లుకు సగటున 20 నిమిషాలు. అంటే 300 గంటలు. ఇద్దరు మనుషుల నెల పని 400 గంటలు. సెలవులు, ఫోన్లు, 11వ తేదీ జీఎస్టీఆర్-1, 20వ తేదీ 3బి పనులు పోను బిల్లులకు మిగిలేది 320. మేనేజరు లెక్క ఏమిటంటే, ఇంకా 20 గంటలు ఖాళీగానే ఉన్నాయి కదా అని.

ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఎర్లాంగ్ దగ్గరికి వెళ్ళాలి. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డేన్ ఆయన. ఎన్ని కాల్స్‌కు ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు కావాలన్న ప్రశ్న మీద 1909లో తొలి పత్రం ప్రచురించాడు. వరుసల లెక్కంతా అక్కడే మొదలైంది. కాల్స్ ఒక పద్ధతి ప్రకారం రావు, ఒక్కోసారి గుంపుగా వచ్చి పడతాయి. అందుకే సగటు చూసి మనుషులను పెడితే జనం లైనులో నిలబడిపోతారు. ఆ దారిలో తర్వాత వచ్చిన సులువైన సూత్రం ఒకటుంది. బల్ల ఒక్కటే ఉండి, పని ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు పడుతుందో చెప్పలేనప్పుడు, ఆ బల్ల నూటికి 80 వంతులు నిండి ఉంటే కొత్తగా వచ్చిన కాగితం సగటున నాలుగు కాగితాల పని అయ్యేంతసేపు ఆగుతుంది. 95 వంతులు నిండితే పంతొమ్మిది కాగితాల పనికి సరిపడా ఆగాలి. పని పెరిగింది కొంచెమే, వరుస పెరిగింది దాదాపు అయిదింతలు. రెండు బల్లలుంటే ఇంత ఘోరంగా ఉండదు గానీ పోకడ మాత్రం అదే. మా అమ్మాయి సెక్షను 94 దగ్గరుంది. మేనేజరు ఖాళీ అనుకుంటున్న ఆ 20 గంటలే వరుస ఇంకా పెరగకుండా ఆపుతున్నాయి.

ఆ వరుసకు డబ్బు ఖర్చూ ఉంది. పది రోజుల్లో చెల్లిస్తే కొందరు సరఫరాదారులు 2 శాతం తగ్గిస్తారు. బిల్లు రెండు వారాలు బల్ల మీదే ఉండిపోవడంతో నెలకు పది లక్షల కొనుగోళ్ళ మీద ఆ తగ్గింపు పోతోంది. నెలకు 20 వేలు, ఏడాదికి 2.4 లక్షలు.

కొత్త మనిషికి జీతం 22 వేలు. అందులో బేసిక్ 15 వేలు. దాని మీద యజమాని కట్టే పీఎఫ్ ఛార్జీలతో కలిపి 13 శాతం, గ్రాట్యుటీకి 4.81 శాతం, ఏడాదికోసారి బోనసు, మొదటి ఏడాది బల్ల, కంప్యూటరు. అన్నీ కలిపితే సుమారు 3.7 లక్షలు. అర్జీలో ఈ లోటును పూడ్చడానికి ఆమె "ఆదా అయ్యే గంటలు" అని ఒక పద్దు చేర్చి రూపాయల్లోకి మార్చింది. నేను దాన్ని కొట్టేయమన్నాను. ఎవరి జీతమూ తగ్గనప్పుడు, ఆ గంటల్లో చేసే పని ఏమిటో చెప్పలేనప్పుడు, ఆదా అయిన గంటకు ధర కట్టకూడదు. రాబడిలో కూడా సగమే రాయాలి, ఎందుకంటే బిల్లు సిద్ధమైనా బ్యాంకులో డబ్బు లేక కొన్ని తగ్గింపులు ఎలాగూ పోతాయి. అలా చూస్తే 1.2 లక్షల కోసం 3.7 లక్షలు. మేనేజరు కాదన్నది సబబే అనిపించింది.

"అయితే మానేయమంటావా మావయ్యా?" అంది.

ఆ 20 నిమిషాలు ఎక్కడ పోతున్నాయో వారం పాటు రాసి చూడమన్నాను. దాదాపు ఏడు నిమిషాలు జీఆర్ఎన్ కోసం స్టోర్స్‌కు ఫోన్లు చేయడంలోనే పోతున్నాయట. అక్కడ సరుకు దించేవాడే జీఆర్ఎన్‌లు ఎక్కించేవాడు కూడా, వారం చివర అన్నీ కలిపి ఒకేసారి ఎక్కిస్తాడు. లారీ దిగిన రోజే జీఆర్ఎన్ పడితే బిల్లుకు ఆరు నిమిషాలు తగ్గినా అకౌంట్స్ పని 210 గంటలకు వస్తుంది, నిండుదల 66 శాతం. స్టోర్స్‌లో మధ్యాహ్నం పూట మాత్రం ఎక్కించే మనిషిని పెట్టుకుంటే ఏడాదికి 1.2 లక్షలు. సగం రాబడితోనే ఖర్చు వచ్చేస్తుంది.

తన సెక్షనుకు కాకుండా పక్క సెక్షనుకు మనిషిని అడగడం ఆమెకు మింగుడుపడలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి స్టోర్స్ ఇన్‌చార్జితో కలిసి సంతకం పెట్టింది. మూడో నెల చివర బిల్లుకు 14 నిమిషాలకు రాకపోతే ఆ పోస్టు తీసేయవచ్చని కూడా అర్జీలో రాయించాను. ఇప్పుడది మేనేజరు బల్ల మీద ఉంది.