గోడ మీద సుద్ద లెక్క

మా సైకిల్ మెకానిక్ బోల్టు బిగిస్తుంటే పక్కన నిలబడి చూడటం నాకెంతో ఇష్టం. మొన్న ఒక కార్బన్ హ్యాండిల్‌బార్ బిగించాల్సి వచ్చింది. దాన్ని పట్టి ఉంచే స్టెమ్ మీద 5 Nm అని రాసి ఉంది. ఆయన టార్క్ రెంచ్ మీదేమో ఫుట్-పౌండ్ల గీతలే ఉన్నాయి. తొందరపడితే ఆ 5ను ఫుట్-పౌండ్లుగానే తీసుకుంటాం. కానీ 5 ఫుట్-పౌండ్లంటే దాదాపు 6.8 న్యూటన్ మీటర్లు, అంటే అడిగిన దానికంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. కార్బన్ గొట్టం నలిగేది ఇలాంటి చోటే. పగులు ఒక్కోసారి పైకి కనబడదు కూడా.

ఆయన గోడ మీద సుద్దతో రాశాడు: 5 × 0.7376 = 3.69. రాసి, చేతిలో ఉన్న రెంచ్‌ను పక్కన పెట్టేశాడు! దాని గీతలు 10 నుంచి మొదలవుతాయి మరి. లెక్క సరైనదైనా, ఆ పనిముట్టు అంత తక్కువ బిగింపును నమ్మకంగా కొలవలేదు. ఈ గ్రహింపే ఆయన పనితనమని నాకనిపిస్తుంది.

అంగుళం-పౌండ్ల చిన్న రెంచ్ తీశాడు. అడుగుకు 12 అంగుళాలు కాబట్టి 3.69ను 12తో హెచ్చిస్తే సుమారు 44. నాలుగు బోల్టులనూ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పుతూ వచ్చాడు. ‘టిక్’ మనగానే చేయి ఆగింది, మళ్లీ లాగలేదు.

పెద్ద రెంచ్ వంతు వెనక చక్రం దగ్గర వచ్చింది. క్యాసెట్ లాక్‌రింగ్‌కు 40 Nm కావాలి, అంటే 29.5 ఫుట్-పౌండ్లు. పని కాగానే రెండు రెంచ్‌లనూ అతి తక్కువ గీతకు వదులు చేసి, పెట్టెలో పెట్టాడు.