అమ్మకానికి స్థలం, హద్దులు ఎక్కడివి?

స్థలం అమ్మాలనుకున్నవాళ్లు వివరం రాసిపెట్టమని వచ్చినప్పుడు ముందుగా పాత దస్తావేజు నా చేతిలో పెడతారు. ‘షెడ్యూలు ఉందిగా, అదే ఎత్తి రాసెయ్యండి’ అంటారు. నేను అలా రాయను. ఆ షెడ్యూలు దస్తావేజు పుట్టిన నాటిది. కొనేవాడు వచ్చి నిలబడేది ఇవాళ్టి నేల మీద.

ఈమధ్య తెనాలి వైపు ఒక పల్లెలో 200 గజాల స్థలానికి ఇలాగే రాయాల్సి వచ్చింది. తూర్పు పడమరలు 50 అడుగులు, ఉత్తర దక్షిణాలు 36 అడుగులు. తూర్పున 30 అడుగుల రోడ్డు, ఉత్తర దక్షిణాల్లో నంబర్లున్న ప్లాట్లు. పడమర హద్దు దగ్గర మాత్రం ‘అమ్మకందారు మిగులు భూమి’ అని ఉంది. నాకు బెంగ పుట్టించేది ఈ మాటే. మిగులు భూమి మిగులుగా ఎన్నాళ్లుంటుంది? ఆ సర్వే నంబరు మీద ఈసీ తీయిస్తే, అది ముక్కలై ఎప్పుడో అమ్ముడైపోయిందని తేలింది. ఇప్పుడక్కడ ఇల్లుంది, ప్రహరీ ఉంది. కాబట్టి పాత హద్దు, దాన్ని అమ్మిన దస్తావేజు నంబరు, ఇప్పుడున్న ప్రహరీ, మూడూ రాశాను.

తర్వాత టేపు పట్టాం. నాలుగు పక్కలూ కొలిస్తే చాలదు, మూల నుంచి మూలకూ కొలవాలి. 50కి 36 స్థలం సరిగ్గా మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 61 అడుగుల 7 అంగుళాల దగ్గర రావాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వచ్చాయంటే పక్కలు సరిపోయినా స్థలం వంకరగా ఉన్నట్టే. ఇక్కడ రెండూ సమానంగానే వచ్చాయి గానీ రెండూ తగ్గాయి. పడమటి ప్రహరీ పొడవునా ఒక అడుగు లోపలికి వచ్చింది. ఒక అడుగే కదా అనిపిస్తుంది. 36 అడుగుల పొడవున అది 36 చదరపు అడుగులు, అంటే నాలుగు గజాలు. విస్తీర్ణానికీ హద్దులకూ పొంతన కుదరనప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువిస్తాయి. ఆ ప్రహరీని హద్దుగా రాసి, పక్కన 200 గజాలు అని వేస్తే ఆ నాలుగు గజాలూ కొనేవాడి నెత్తిన పడతాయి.

ఇక రోడ్డు. కాగితం మీద 30 అడుగులు. ఎదురింటి మెట్లూ ర్యాంపూ పోగా స్థలం ముందు బండి తిరగడానికి మిగిలింది 24. రెండంకెలూ రాశాను. అంతకంటే ముఖ్యమైనది, ఆ రోడ్డు తారు రోడ్డును ఎక్కడ కలుస్తుందన్నది. డెల్టాలో చాలాచోట్ల మధ్యలో పంట కాలువ అడ్డం వస్తుంది. ఇక్కడా వచ్చింది. ప్లాట్లు వేసినాయన తూములు వేసి మట్టి పోసి దాటించాడు. కాలువా గట్టూ జలవనరుల శాఖవి. వాటి మీద దారికి ఆ శాఖ అనుమతి కాగితం ఉందో లేదో అడగకుండా ‘రోడ్డు సౌకర్యం కలదు’ అని రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది. లోపలి రోడ్డు సంగతీ అంతే. దాన్ని పంచాయతీకి గిఫ్టు దస్తావేజు చేసి అప్పగించకపోతే కాగితాల్లో అది ఇంకా లేఅవుట్ వేసినాయన పేరునే ఉంటుంది.

అనుమతుల దగ్గర ‘పంచాయతీ అప్రూవల్’ అన్న మాట మా వైపు బాగా చలామణిలో ఉంది. పంచాయతీ ముద్ర ఒక్కటే చాలదు. డీటీసీపీ గానీ ఆ ప్రాంత పట్టణాభివృద్ధి సంస్థ గానీ సాంకేతిక ఆమోదం ఇచ్చి ఎల్పీ నంబరు వేయాలి. ఉంటే ఆ నంబరు రాస్తాను. ఈ స్థలానికి లేదు కనుక లేదనే రాశాను.

కరెంటూ నీళ్లూ ‘దగ్గర్లోనే’ అంటే నాకు చాలదు. స్తంభం స్థలానికి ఏ మూలన ఉంది, ఎన్ని అడుగుల్లో ఉంది, 11 కె.వి. తీగ పైనుంచి పోతోందా అన్నది చూడాలి. పక్కింటి బోరు ఎంత లోతో, ఆ నీళ్లు తాగడానికి పనికొస్తాయో వాడకానికేనో అడగాలి. ఉప్పునీళ్లు తగిలే ప్రాంతంలో ఈ ఒక్క వాక్యం కోసమే ఇల్లు కట్టుకునేవాడు వివరమంతా చదువుతాడు.

రాసింది చదివి వినిపిస్తే అమ్మేవాళ్లబ్బాయి, ‘ఇలా రాస్తే ఎవరొస్తారు మాస్టారూ?’ అన్నాడు.

‘చూడు నాయనా, ఇవన్నీ కొనేవాళ్ల లాయరు ఎలాగూ పట్టుకుంటాడు. కాకపోతే నువ్వు బయానా తీసుకున్నాక పట్టుకుంటాడు. అప్పటికి ఆ డబ్బు నీ దగ్గర ఖర్చయిపోయి ఉంటుంది. అగ్రిమెంటు రద్దయితే తిరిగి ఎక్కణ్నుంచి తెచ్చిస్తావు?’ అన్నాను.

వాళ్ల నాన్నగారు కాసేపు ఆలోచించి, 196 గజాలకే ధర కట్టమన్నారు. ప్రహరీ సంగతి పక్కవాళ్లతో మాట్లాడి, సర్వేయరుతో కొలిపించి తేల్చుకుంటామన్నారు. తేలేదాకా వివరంలో ఆ అంకె మార్చొద్దని చెప్పాను.