ఏబదియెనిమిదేండ్ల విద్యార్థి: ఒక కథానికా పరిశీలనము

విద్యార్థులకై జరిగిన ఒక కథానికల పోటీకి వచ్చిన వ్రాతప్రతులలో ఒకటి పరీక్షకుల నడుమ గట్టి అభిప్రాయభేదమును కలిగించినది. నియమము ననుసరించి రచయితల పేర్లు తొలగింపబడుటచే ఈ కథ యెవరిదో మాకు తెలియదు. దానికి శీర్షిక కూడ లేదు. పరీక్షకులలో ఒకరు, ఇది కథ కాదు, బాయిలరు శాస్త్రమునుండి చింపిన పుటలు అన్నారు. మరియొకరు, ముసలివాడు కుఱ్ఱవాండ్రను గెలిచిన తీరు బాగున్నదని మెచ్చుకొన్నారు. ఈ యిద్దరును కథలోని ఒకే ఘట్టమును మనస్సున నుంచుకొని మాటలాడినారు. అది ఈ కథకు ప్రాణమైన ఘట్టము కాదని నా అభిప్రాయము. దానిని నిరూపించుటకు కొంత శాస్త్రములోనికి పోక తప్పదు గాని, పాఠకులు భయపడనక్కరలేదు. కథకు కావలసిన లెక్క ఒక్కటే.

కథాకాలము 2011. నాయకుడు కొత్తగూడెము తాప విద్యుత్కేంద్రమున బాయిలరు విభాగములో ముప్పదిమూడేండ్లు పనిచేసి 58వ యేట పదవీ విరమణ చేసిన ఇంజనీరు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 2014లో గాని 60కి పెరుగలేదు గనుక ఈ వయస్సు ఆనాటికి సరియైనదే. ఆయన హైదరాబాదు చేరి, పరిశ్రమలలో ఇంధనము ఎక్కడ వ్యర్థమగుచున్నదో లెక్కగట్టి సలహా చెప్పు వృత్తికి, అనగా ఎనర్జీ ఆడిటర్ అను ధ్రువపత్రమునకు చదువ నారంభించును. 2001 నాటి చట్టము ననుసరించి 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్రసంస్థ తరఫున జరిగిన ఆ పరీక్షలో నాలుగు పత్రములు. నాలుగవదానికి పుస్తకములు తెరచి చూచుకొనుటకు అనుమతి కలదు. ఆదివారములందు ఒక అద్దె హాలులో తరగతులు. తక్కినవారందరు ఇరువదిమూడు మొదలు ముప్పది యేండ్ల లోపువారు. కథకుడు నాయకునకు పేరు పెట్టలేదు. 'ఆయన' అనియే నడిపినాడు.

కథ మొదటి భాగములోనే రచయిత చూపు ఎంత సూక్ష్మమైనదో తెలియును. తొలి ఆదివారము ఆయన హాలులో అడుగిడగానే పిల్లలందరు లేచి నిలుచుందురు. బోధకుడే వచ్చినాడని వారి భ్రమ. ఆయన వెనుక వరుసకు పోయి కూర్చుండును. అప్పటినుండి వారికి ఆయనను ఏమని పిలువవలెనో తెలియదు. 'సార్' అన్నచో ఆయన గురువగును. రెండవ వారమునకు 'అంకుల్' అగును. ఆయన వారిని 'బాబూ', 'అమ్మా' అనును. పైకి ఇది మర్యాదయే. కాని ఒకే బల్లమీద ఒకే లెక్క చేయుచున్న ఇద్దరిలో ఒకరు 'అంకుల్' అయినచో ఆ బల్ల నడుమ గోడ లేచినట్లే. తెలుగున 'సహాధ్యాయి' అను చక్కని మాట కలదు. దానికి వయోభేదము లేదు. అయినను అది ఒకరినిగూర్చి చెప్పుటకే గాని ఒకరిని పిలుచుటకు పనికిరాదు. మన సంబోధనలన్నియు వరుసలను, పెద్దరికమును మోసికొని వచ్చునవే. చదువుకొను పెద్దవానిని సాటివానిగా పిలుచుటకు నోట మాట లేని స్థితిని ఈ రచయిత గుర్తించినాడు. అంతేకాదు, దానినిగూర్చి ఒక్క వాక్యమైనను వ్యాఖ్యానింపలేదు. పాత్రలు ఒకరినొకరు పిలుచు పిలుపులను వరుసగా ఉంచి ఊరకున్నాడు.

ఇక లెక్క. బాయిలరులో బొగ్గు కాల్చినప్పుడు వచ్చు వేడిమిలో ఎంత భాగము ఆవిరికి చేరినదో తెలిసికొనుటకు రెండు మార్గములున్నవి. పుట్టిన ఆవిరిలోని వేడిమిని నేరుగా కొలిచి, కాల్చిన బొగ్గులోని వేడిమితో భాగించుట మొదటిది. రెండవది పరోక్షమార్గము. పొగతో పోయినదెంత, తేమతో పోయినదెంత, బూడిదలో కాలక మిగిలినదెంత అని నష్టముల నొక్కొక్కటిగా కట్టి నూరునుండి తీసివేయుట. మూడవ భాగములో బోధకుడు పొగతో పోవు నష్టమును లెక్కింపుమని ఇచ్చును. కిలో బొగ్గులో 4000 కిలోకెలోరీలు. అది కాలగా వచ్చు పొడివాయువు 8 కిలోలు. ఆ వాయువు కిలోను ఒక డిగ్రీ వేడిచేయుటకు 0.23 కిలోకెలోరీ పట్టును. వాయువు 190 డిగ్రీల వేడితో పోవుచున్నది. బయటిగాలి 30 డిగ్రీలు. కనుక 8ని 0.23తోను, 160తోను గుణించి 4000తో భాగింపగా నూటికి 7.36 వచ్చును.

ఆయనకు 5.52 వచ్చును. ఇక్కడనే కథకుని ప్రతిభ. ఆయనకు గుణకారము తప్పలేదు, సూత్రము తప్పలేదు. ప్రశ్నలో 190 అని స్పష్టముగా నున్నను ఆయన చేయి 150 అని వ్రాసినది. ముప్పదిమూడేండ్లు ప్రతి షిఫ్టులో ఆయన చూచిన అంకె అది. ఆయన యూనిట్టు బాగున్నప్పుడు పొగ ఆ వేడితోనే పోయెడిది. ఆయన చదివినది ఎదుటి ప్రశ్నను కాదు, తన బాయిలరును. ప్రక్కనున్న యువతి తప్పు చెప్పదు. తన నోటుపుస్తకమును కొంచెము ఆయనవైపు త్రిప్పి, 190 అను అంకెక్రింద పెన్సిలుతో గీత గీయును. ఆయన ఆ గీతను చాలసేపు చూచి, తన పుటను కొట్టివేయక, ప్రక్క పుటలో మరల మొదటినుండి వ్రాయును. గురజాడ 1910లో వ్రాసిన 'దిద్దుబాటు'లో భార్య భర్తను దిద్దుటకు ఒక ఉత్తరము, ఒక చిన్న నాటకము కావలసివచ్చినవి. ఇక్కడ ఒక పెన్సిలు గీత చాలినది. వయస్సుచేత చిన్నవారు పెద్దవారిని దిద్దవలసివచ్చినపుడు నోరు మెదపక చేయు పద్ధతి మన యిండ్లలో నున్నదే.

ఐదవ భాగమున తరగతి ఒక కాగితపు మిల్లుకు పోవును. పరీక్షకులకు నచ్చినదియు, నచ్చనిదియు ఈ ఘట్టమే. పొగగొట్టము మొదట కొలువగా వాయువులో నూటికి 9 పాళ్లు ప్రాణవాయువున్నట్లు తేలును. ఆ అంకెను 21నుండి తీసివేసి, మిగిలిన 12తో దానినే భాగించినచో, దహనమునకు అవసరమైన దానికంటె గాలి నూటికి 75 పాళ్లు అధికముగా పోవుచున్నదని అర్థము. పిల్లలు ఈ లెక్క క్షణములో చేసి, గాలి తగ్గింపవలెనని సలహా వ్రాయుదురు. ఆయన, ఎయిర్ హీటరుకు ముందు మరల కొలువుడనును. అచ్చట ప్రాణవాయువు 4 పాళ్లే. అధికపు గాలి సుమారు 24 మాత్రమే. కొలిమిలో దోషము లేదు. హీటరు గొట్టములు చిల్లులు పడి గాలి దారిలో పొగలోనికి దూరుచున్నది. పిల్లలు చెప్పినట్లు గాలి తగ్గించియుండిన బొగ్గు సరిగా కాలక బూడిదలో పోయెడిది. శాస్త్రదృష్టితో ఈ ఘట్టము నిర్దుష్టము. ఎక్కడ కొలిచితిమన్నది తెలియక అంకెను నమ్మరాదను విషయమును ఇంత సూటిగా చెప్పిన కథను నేను చదువలేదు.

కాని కథాదృష్టితో ఇక్కడ ఒక లోపము కలదు. అందరు చప్పట్లు కొట్టుదురు. 'అంకుల్' మరల 'సార్' అగును. మూడవ భాగములో ఆయన పోగొట్టుకొన్న దానిని ఐదవ భాగములో రచయిత వడ్డీతో తిరిగి ఇచ్చివేసినాడు. అప్పుతీర్చిన కథవలె నైనది. పాఠకుడు తృప్తిపడును, ఆ తృప్తితోనే పెన్సిలు గీతను మరచిపోవును.

నేను సూచించునది ఘట్టమును తొలగించుట కాదు, స్థానము మార్చుట. మిల్లు ముందు రావలెను, లెక్క తరువాత రావలెను. ఏలయన, హీటరు చిల్లిని కనిపెట్టిన గుణమును, 190ని 150గా వ్రాసిన గుణమును ఒకటే. మిల్లులో 9 అను అంకెను ఆయన నమ్మలేదు. తన యనుభవముతో దానిని శంకించినాడు, గెలిచినాడు. తరగతిలో 190 అను అంకెను ఆయన చూడనేలేదు. తన యనుభవమే దాని స్థానమున కూర్చున్నది, ఓడినాడు. ముందు ఆ గుణముచే గౌరవము పొంది, పిదప ఆ గుణముచేతనే తప్పు చేసినచో పాఠకునకు అనుభవమన్న దేమో క్రొత్తగా కనబడును. ఇప్పటి వరుసలో ఆ రెండు ఘట్టములు ఓటమి, గెలుపు అను రెండు వేర్వేరు సంగతులుగా మిగిలిపోయినవి. సంభవముల వరుసయే కథార్థమును నిర్ణయించుననుటకు పరిశోధక విద్యార్థులకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము దొరకదు.

పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన ఆ కథలో రావుగారు కూడ వయస్సు మళ్లినవారే. నియమములతో జీవితమును కట్టుకొన్నవారే. ఒక్క రాత్రి తుపానులో ఆ నియమములు కదలిపోవును. పద్మరాజు ఆయనకు నష్టపరిహారము ఇప్పింపలేదు. ఆ కథతో ఈ కథను సమముగా తూచుట నా యుద్దేశము కాదు. రావుగారిని కదలించుటకు ప్రకృతి కావలసివచ్చినది. ఈ ఇంజనీరును కదలించుటకు ఒక అంకె చాలినది. చిన్న సాధనముతో పని సాధించుట ఈ రచయితకు తెలియును. అందుచేతనే చప్పట్ల శబ్దము మరింత కటువుగా వినవచ్చును.

ఆయన ఎందులకు చదువుచున్నాడో కథలో ఎక్కడను లేదనునది మరియొక ఆక్షేపణ. డబ్బు కొఱకా? ప్రొద్దు పోకనా? దీనిని నేను అంగీకరింపలేను. రచయిత బాయిలరు లెక్కలోని పరోక్షమార్గమునే పాత్రకు ప్రయోగించినాడు. ఆయన ఎట్టివాడో నేరుగా చెప్పక, పోయిన వానిని మాత్రమే ఒక్కొక్కటిగా కట్టినాడు. ఖాళీచేసిన క్వార్టరు, తిరిగి ఇచ్చివేసిన పసుపుపచ్చ హెల్మెటు, రాత్రి రెండు గంటలకు మ్రోగుట మానిన ఫోను, ఇవి కథలో అక్కడక్కడ ఒక్కొక్క వాక్యముగా వచ్చును. ఇవి తీసివేయగా మిగిలినవాడే ఆయన. నష్టముల లెక్కలో సైతము బాయిలరు గోడలనుండి పోవు వేడిమిని తఱచు కొలువక, అనుభవముచే ఇంత యని వేసికొందురు. ఈ కథలో చదువుటకు గల హేతువు ఆ పద్దులోనిది.

భాషావిషయమున కొన్ని పొరపాట్లున్నవి. మిల్లు ఘట్టమున బోధకుడు ఒకే వాక్యములో గ్రాంథికము, వ్యావహారికము కలిపి మాటలాడును. అది పాత్రలక్షణముగా తోపదు, రచయిత తొందరగా తోచును. పాల్వంచ ప్రాంతపు పలుకుబడి ఆయన నోట రెండుచోట్ల మాత్రమే వినబడి మాయమగును. ఇవి సవరించుకొనదగినవి.

చివరి భాగము నాలుగవ పత్రమునాటి పరీక్షాగది. అందరి బల్లలమీద పుస్తకముల దొంతరలు. ఆయన ముందు ఒక్క నోటుపుస్తకము. ప్రశ్నపత్రము రాగానే ఆయన కలము తీయడు. ఎడమచేతి చూపుడువ్రేలిని ప్రశ్నలోని మొదటి అంకెమీద నుంచి, పెదవులు కదలించుచు చదివి, రెండవ అంకెమీదికి జరుపును. చిన్నతరగతి పిల్లలు అక్షరములు నేర్చునాటి పద్ధతి ఇది. దీని తరువాత రచయిత మరి రెండు వాక్యములు వ్రాసి, ఆయన నవ్వుకొన్నాడనియు, ఫలితమునుగూర్చి బెంగ లేదనియు తెలిపినాడు. అచ్చునకు పోవునప్పుడు ఆ రెండు వాక్యములను కొట్టివేసి, వ్రేలు రెండవ అంకెమీద నుండగనే కథను ఆపవలెనని రచయితకు నా సూచన.