చుక్క వీపు మీది బొచ్చు

మా పిల్లి చుక్క పన్నెండేళ్లూ ఎత్తు మీదే బతికింది. ముందు గదిలో బీరువా మీద పాత దుప్పట్లు మడిచి పెడతాం, అది దాని చోటు. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లిన వారానికి ఒకరోజు అక్కడ కనబడలేదు. ఇల్లంతా వెతికితే మంచం కింద, ట్రంకు పెట్టె వెనకాల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పిలిస్తే చూసింది గానీ కదల్లేదు. "ముసలిదైపోయిందమ్మా, మూల వెతుక్కుంటోంది. దాని మానాన దాన్ని వదిలెయ్," అంది అమ్మ. పళ్లెం దగ్గరికి జరిపితే తింటూనే ఉంది కదా అని నేనూ ఊరుకున్నాను. మూడు వారాలు ఊరుకున్నాను. ఈ వారం రాయడానికి కారణం ఆ మూడు వారాలే.

ఒక ఆదివారం దాన్ని ఎత్తుకెళ్లి వరండాలో ఎండలో కూర్చోబెట్టాను. తల నుంచి వీపు మీదుగా చెయ్యి పోనిచ్చాను. తల, మెడ, రొమ్ము ఎప్పటిలాగే పట్టులా ఉన్నాయి. ముందు కాళ్లు తెల్లగా ఉన్నాయి. పక్కటెముకలు దాటగానే చెయ్యి ఆగిపోయింది. అక్కణ్నుంచి తోక మొదలు దాకా బొచ్చు పాయలు పాయలుగా విడిపోయి, జిడ్డుగా, అక్కడక్కడా ఉండలు కట్టి ఉంది. వేళ్లతో పాయ విడదీస్తే కింద రవ్వ చల్లినట్టు చుండ్రు. ఒకే ఒంటి మీద సగం శుభ్రంగా, సగం పాడుబడినట్టు ఉంది. అంటే చుక్కకి ఓపిక పోలేదు, శుభ్రం మీద ఆసక్తీ పోలేదు. నాలుక అందినంత మేరా నాక్కుంటూనే ఉంది. అందనిది మిగతాదే.

పిల్లి తన నడుం దాకా నాక్కోవాలంటే ఏం చెయ్యాలో ఒకసారి గమనించండి. తుంటి మీద ఒరిగి కూర్చుని, వెన్ను మెలితిప్పి, తల వెనక్కి తేవాలి. తొడ లోపలి వైపు నాక్కోవాలంటే వెనక కాలు నిలువుగా పైకెత్తాలి. తుంటి కీళ్లలోనో వెన్నులోనో నొప్పి ఉంటే మొదట మానేసేది ఈ మెలికే. కాబట్టి బొచ్చు ఎక్కడ పాడైందో చూస్తే ఒళ్లు ఎక్కడ వంగనంటోందో తెలుస్తుంది. నోట్లో నొప్పి ఉన్నప్పుడు తీరు వేరు. మా చెల్లెలింటి పిల్లికి దవడ పన్ను వేరు దగ్గర కరిగిపోయింది. దానికి నాలుక ఆడించడమే బాధ, అందుకని ఒళ్లంతా ఒకే తీరుగా మాసిపోయింది. గడ్డం కింద తడి, ముందు పాదాలకి చొంగ మరక. ఆకలితో గిన్నె దాకా పరుగెత్తి, ఒక్క ముద్ద కొరికి, బుస్సుమని వెనక్కి దూకేది.

వీటితోనే జబ్బు పేరు తేల్చెయ్యలేం. బాగా లావెక్కిన పిల్లికి నొప్పి లేకపోయినా నడుం అందదు. కిడ్నీలు చెడినా, థైరాయిడ్ ఎక్కువైనా బొచ్చు కళ తప్పుతుంది. అందుకే చుక్క దాక్కున్న చోటు గురించి కూడా మళ్లీ ఆలోచించాను. కొత్తవాళ్లొస్తే పిల్లి దాక్కుంటుంది, వాళ్లు వెళ్లగానే వస్తుంది. ఇంట్లో ఏ మార్పూ లేకుండా, ఎప్పుడూ పైకెక్కే పిల్లి నేల మీద మూల చూసుకుందంటే మనుషుల్ని తప్పించుకోవడం ఒక్కటే కారణం కాదు. అది గెంతును కూడా తప్పించుకుంటోంది. కుంటుతుందేమో అని చూస్తూ కూర్చుంటే దొరకదు. రెండు వైపులా కీళ్లు అరిగితే కుంటడానికి మంచి కాలంటూ ఉండదు.

డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్తే బల్ల మీద రాయిలా బిగుసుకుపోయింది. భయంలో ఉన్న పిల్లి నొప్పి చూపించదు. ఆయనే చెప్పారు, "ఇంట్లో అది మంచం దిగేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఫోన్లో వీడియో తీసుకురండి, పక్కనుంచి తియ్యండి." తీశాను. మంచం మీద ఆహారం పెడితే ఎక్కింది, కానీ గెంతలేదు. ముందు కాళ్లు దుప్పటికి తగిలించుకుని ఒళ్లు పైకి లాక్కుంది. దిగేటప్పుడు అంచున నిలబడి కిందకి చూసింది, వెనక్కి తగ్గింది, మళ్లీ వచ్చింది. తర్వాత ముందు కాళ్లు మంచం పక్కన వీలైనంత కిందకి జార్చి దిగింది. డాబా మెట్ల మీద వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా ఎక్కింది. ఆ వీడియో చూశాకే ఆయన ఎక్స్‌రే తీయించారు. రెండు తుంటి కీళ్లూ, నడుం దగ్గర వెన్నూ అరిగాయి.

ముఖం చూసి నొప్పిని అంచనా కట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. 2019లో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రచురించారు. చెవులు, కళ్లు, మూతి, మీసాలు, తల, ఈ అయిదింటికీ సున్నా నుంచి రెండు దాకా మార్కులు వేస్తారు. చెవులు పక్కలకి వాలి, కళ్లు బాగా చికిలించి, మూతి బిగిసి, మీసాలు నిటారుగా అయి, తల భుజాల కంటే కిందకి దిగితే పదికి పది. నాలుగు వచ్చిందంటే నొప్పికి మందు ఆలోచించాలి. ఇది ఆపరేషన్ తర్వాతో, దెబ్బ తగిలినప్పుడో వచ్చే నొప్పికి బాగా పనికొస్తుంది. ఏళ్ల తరబడి పెరిగిన కీళ్ల నొప్పికి ముఖం కంటే బొచ్చూ గెంతే ఎక్కువ చెబుతాయని నా అనుభవం.

ఒక మాట భయంతోనే రాస్తున్నాను. ఆ మూడు వారాల్లో ఒకరోజు పారాసిటమాల్ బిళ్ల సగం చేసి, పాలల్లో కలుపుదామని చేత్తో పట్టుకున్నాను. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది, చిగుళ్లు మట్టిరంగుకి తిరుగుతాయి. అరబిళ్ల చాలు ప్రాణం తియ్యడానికి. మనుషుల నొప్పి మాత్ర ఏదీ పిల్లికి వెయ్యకండి. ఇంకొకటి: దాక్కున్న మగపిల్లి మాటిమాటికీ ఇసుక ట్రే ఎక్కి ముక్కుతూ, మూత్రం రాక దిగిపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు, ఆ గంటలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

చుక్కకి ముందు రక్తపరీక్షతో కిడ్నీలు చూసి, బరువును బట్టి చుక్కల మందు రాశారు. ట్రేకి ఒకవైపు అంచు మూడు వేళ్ల ఎత్తుకి కోసేశాను. మంచం పక్కన పీట వేశాను. బొచ్చు ఉండల్ని కత్తెరతో కత్తిరించబోతే డాక్టరు గారు వారించారు. పిల్లి చర్మం పల్చన, ఉండతో పాటే పైకి లేచి కత్తెరలో పడుతుంది. మిషన్‌తో ఆయనే తీశారు.

పదిహేను రోజులకి ఒక మధ్యాహ్నం చప్పుడు వినిపించి చూశాను, గరగరమని నాలుక చప్పుడు. పీట మీద కూర్చుని వెనక కాలు సగం దాకా ఎత్తి తొడ నాక్కుంటోంది. మధ్యలో ఆగింది, కాలు దించి ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎత్తింది. తోక మొదలు దగ్గర ఇప్పటికీ అందదు, అక్కడ పొద్దున్నే నేను మెత్తటి బ్రష్‌తో దువ్వుతాను. దుప్పట్లు బీరువా మీంచి తీసి కిటికీ పక్క కుర్చీలో వేశాం.