జలోదరం కేసు, పదిహేను నిమిషాల పాఠం

మెడిసిన్ వార్డులో ఒక ఫైనలియర్ విద్యార్థి తన జూనియర్లకు షిఫ్టింగ్ డల్‌నెస్ చూపించాలనుకున్నాడనుకుందాం. పొట్టలో నీరు చేరిందో లేదో వేళ్లతో కొట్టి తెలుసుకునే పరీక్ష ఇది. ముందురోజు రాత్రి పుస్తకం తిరగేస్తే అంతా వచ్చినట్టే ఉంటుంది. "అన్నా, పక్కకు తిప్పాక ఎందుకు ఆగాలి?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించినప్పుడే తనకు రానిదేదో తేలుతుంది. నీరు కిందికి జారి, గాలి నిండిన పేగులు పైకి తేలడానికి అర నిమిషమైనా పడుతుంది. చెప్పడానికి సిద్ధపడటమే ఇక్కడ చదువు.

చదువుకునేవాళ్లే తోటివాళ్లకు చెప్పే ఈ పద్ధతికి మన దగ్గరే పాత చరిత్ర ఉంది. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ బాలుర బడిని నడిపిన ఆండ్రూ బెల్, స్థానిక బడిపిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలోనూ అలాగే పెట్టాడు. టీచర్లు ముందుకు రాకపోతే ఎనిమిదేళ్ల కుర్రాడిచేతే చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేశాక అది 'మద్రాసు పద్ధతి'గా ఇంగ్లండులో పాకింది.

వార్డు పాఠానికి ఒక్క అంశం చాలు. ఆయాసపడని రోగిని ఎంచుకోవాలి. సీనియర్ ముందే వెళ్లి గుర్తు నిజంగా ఉందో లేదో తాను చూసుకుని, పీజీతో సరిచూయించుకోవాలి. లేకపోతే ఒకరి తప్పు నలుగురికీ అంటుతుంది. "పెద్దాయనా, ఈ పిల్లలు నేర్చుకుంటున్నారు, పొట్ట చూడనిస్తారా? నొప్పిగా ఉంటే వెంటనే చెప్పండి" అని అనుమతి అడగాలి. రోగి ఒంటికి వెళ్లొచ్చాకే పరీక్ష మొదలుపెట్టాలి. నిండిన మూత్రాశయం కూడా మొద్దుగానే మోగుతుంది.

తెర వేశాక సీనియర్ ఒకసారి మాట్లాడకుండా చేసి చూపాలి. రెండోసారి వివరిస్తూ చేయాలి. మూడోసారి జూనియర్ చెబుతుంటే చేయాలి, నాలుగోసారి జూనియరే చేయాలి. పేటన్ చెప్పిన నాలుగు మెట్లివే. తొందరలో చాలామంది వదిలేసేది మూడోది. అర్థమైందో లేదో తెలిసేది మాత్రం అక్కడే.

వేలును నిలువుగా, నీటి అంచుకు సమాంతరంగా పెట్టి, బొడ్డు నుంచి ఎడమ పక్కకు కొట్టుకుంటూ పోవాలి. చప్పుడు మొద్దుబారిన చోట వేలు అలాగే ఉంచి, రోగిని కుడివైపు తిరగమని, ఆగి, మళ్లీ అక్కడే కొట్టాలి. ఇప్పుడు బోలుగా మోగితే నీరు కదిలినట్టే. రోగి తిరుగుతుండగా వేలు జరిగిపోవడమే కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, అందుకే పెన్నుతో చిన్న గుర్తు పెట్టుకోమనాలి. నీరు సుమారు లీటరు దాటితే గానీ ఈ గుర్తు అందదు. కాబట్టి గుర్తు దొరకనంత మాత్రాన నీరు లేదని తేల్చకూడదు.

దుప్పటి కప్పి, కృతజ్ఞత చెప్పి బయటికి వచ్చాకే లివరా, గుండెనా, క్యాన్సరా అన్న చర్చ. ఆ మాటలు రోగి చెవిన పడనివ్వకండి.