రెండు టెస్ట్‌ట్యూబుల్లో కామెర్ల జాడ

కామెర్లు వచ్చాయంటే మన వేంపల్లె, పులివెందుల పక్క నేటికీ ముందు వినిపించే ప్రశ్న "పసరు ఎక్కడ పోస్తారు?" అనే. కాస్త చదువుకున్న ఇంట్లో అయితే "స్కానింగు తీయించినారా?" అంటారు. ఈ రెండు ప్రశ్నల మధ్య ఒక విద్య నలిగిపోతోంది. తాజాగా పట్టిన మూత్రం, రెండు టెస్ట్‌ట్యూబులు, మలం రంగు గురించి సిగ్గుపడకుండా అడిగే ఒక ప్రశ్న. కామెర్లు కాలేయానికి ముందు పుట్టాయా, కాలేయంలోనా, కాలేయం దాటాకా అన్నది పావుగంటలో తేల్చగల విద్య అది. దాన్ని చేత్తో చేసి చూపే ల్యాబ్ టెక్నీషియన్లంటే నాకు అపారమైన గౌరవం. ఈ వ్యాసం వాళ్ల పక్షాన రాస్తున్నాను.

ముందు బిలిరుబిన్ దారి తెలియాలి. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది. ముసలిదయ్యాక ప్లీహంలోనూ, ఎముక మజ్జలోనూ, కాలేయంలోనూ ఉండే భక్షక కణాలు దాన్ని మింగేస్తాయి. హిమోగ్లోబిన్‌లోని హీమ్ ముక్కను హీమ్ ఆక్సిజనేజ్ తెరిస్తే ఆకుపచ్చ బిలివర్డిన్ వస్తుంది, అది క్షయకరణం చెంది పసుపు బిలిరుబిన్ అవుతుంది. దెబ్బ తగిలి కమిలిన చోట చర్మం నీలం నుంచి ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారడం అందరూ చూసిందే. అదే రసాయనం కంటికి కనిపించే చోటు అది. పెద్దవాళ్లలో రోజుకు సుమారు 250 నుంచి 350 మిల్లీగ్రాముల బిలిరుబిన్ ఇలా తయారవుతుంది.

ఈ కొత్త బిలిరుబిన్ నీళ్లలో కరగదు. ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకునే రక్తంలో తిరుగుతుంది. ఆల్బుమిన్ మూత్రపిండాల వడపోత దాటదు కాబట్టి ఈ బిలిరుబిన్ కూడా మూత్రంలోకి రాలేదు. విద్యార్థులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే మిగతా పాఠమంతా దీని మీదే నిలబడింది. కాలేయ కణం ఈ బిలిరుబిన్‌ను లోపలికి లాక్కుని, గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలిస్తుంది. అప్పుడది నీళ్లలో కరుగుతుంది, పైత్యరసంలోకి పోతుంది. తగిలించిన దాన్ని సన్నని పైత్య కాలువలోకి తోయడమే కాలేయానికి అన్నిటికన్నా కష్టమైన పని. అందుకే కాలేయం దెబ్బ తింటే ముందు కుంటుపడేది ఆ మెట్టే, రక్తంలోకి వెనక్కి కారేది కరిగే బిలిరుబినే. పైత్యం సక్రమంగా పేగులోకి చేరితే అక్కడి బాక్టీరియా దాన్ని యూరోబిలినోజెన్‌గా మారుస్తాయి. దానిలో ఎక్కువ భాగం మలానికి గోధుమ రంగునిస్తుంది, కొంత తిరిగి రక్తంలోకి పీల్చబడి మళ్లీ కాలేయానికి వస్తుంది, అందులో కొద్దిగా తప్పించుకుని మూత్రంలో కనిపిస్తుంది.

ఇక విద్య మొత్తం రెండే ప్రశ్నలు. మూత్రంలో బిలిరుబిన్ ఉందా? ఉంటే కాలేయం దాన్ని కరిగేలా చేసింది కానీ బయటికి పంపలేకపోయింది. యూరోబిలినోజెన్ ఉందా? ఉంటే పైత్యం పేగును చేరుతోంది. రక్తకణాలు విపరీతంగా పగిలే కామెర్లలో మొదటిది ఉండదు, రెండోది ఎక్కువగా ఉంటుంది, మలం ముదురు రంగులో వస్తుంది. పైత్యనాళం పూర్తిగా మూసుకుంటే మొదటిది ఉంటుంది, రెండోది మాయమవుతుంది, మలం సుద్దమన్నులా తెల్లబడుతుంది. కాలేయమే జబ్బుపడితే సాధారణంగా రెండూ కనిపిస్తాయి.

మొదటి ప్రశ్నకు జవాబిచ్చే ఫౌషే పరీక్ష అందం చూసినవాళ్లకే తెలుసు. 10 మిల్లీలీటర్ల మూత్రంలో 5 మిల్లీలీటర్ల బేరియం క్లోరైడ్ ద్రావణం పోస్తారు. తెల్లటి అవక్షేపం దిగుతూ బిలిరుబిన్‌ను తనతో లాక్కుపోతుంది. వడపోత కాగితం మీద నిలిచిన ఆ ముద్ద మీద ఫౌషే ద్రావణం ఒక్క చుక్క వేస్తే చాలు, ఆకుపచ్చ రంగు పూస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ బిలిరుబిన్‌ను తిరిగి బిలివర్డిన్‌గా మార్చేసింది. శరీరం నడిపిన చర్యను టెక్నీషియన్ వెనక్కి నడిపించాడన్నమాట! రెండో ప్రశ్నకు ఎర్లిక్ ఆల్డిహైడ్ ద్రావణం. 5 మిల్లీలీటర్ల మూత్రానికి అర మిల్లీలీటరు కలిపి ఐదు నిమిషాలు ఆగితే లేత గులాబీ రంగు మామూలే. మూత్రాన్ని 20 రెట్లు పలచన చేశాక కూడా రంగు వస్తుంటే యూరోబిలినోజెన్ పెరిగినట్టు. బిలిరుబిన్ ఉంటే రంగు పాడవుతుంది కాబట్టి దాన్ని ముందు బేరియంతో తీసేసి, వడకట్టిన నీటితో ఈ పరీక్ష చేయడం చేయి తిరిగినవాళ్ల పద్ధతి.

ఈ విద్య వెనక ఉన్నవాళ్లు సామాన్యులు కారు. పాల్ ఎర్లిక్ 1883లో డయాజో రంగుచర్యను బిలిరుబిన్ మీద ప్రయోగించాడు. 1916లో డచ్ వైద్యుడు వాన్ డెన్ బెర్గ్, ముల్లర్‌తో కలిసి మరో అద్భుతం చూశాడు. నాళం మూసుకున్న రోగి సీరం ఆల్కహాల్ అక్కర్లేకుండానే వెంటనే ఎర్రబడింది, రక్తకణాలు పగిలే రోగి సీరం ఆల్కహాల్ పోస్తేనే ఎర్రబడింది. మన ల్యాబ్ కాగితాల మీద ఇప్పటికీ అచ్చవుతున్న డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అనే మాటలు అక్కడివే. ఆ తేడాకు కారణం గ్లూకురోనిక్ ఆమ్లమని తేలడానికి 1950ల దాకా ఆగాల్సి వచ్చింది. కారణం తెలియకుండానే నలభై ఏళ్లు వైద్యులు దానితో సరిగ్గా రోగం చెప్పారు. మరొక మాట: నాళం మూసుకున్నప్పుడు రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేసే పని భాస్వరాన్ని విడగొట్టడం. ఆ భాస్వరాన్ని రంగుతో కొలిచే ప్రసిద్ధ పద్ధతిని 1925లో ఫిస్కెతో కలిసి ఇచ్చింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావే.

ఒక కేసు పెట్టుకుని చూద్దాం. వేంపల్లె దగ్గరి పల్లె నుంచి అరవై ఏళ్ల రైతు వచ్చాడనుకోండి. మూడు వారాలుగా కళ్లు పచ్చగా ఉన్నాయి, ఒళ్లంతా గోకిన గీతలు, బరువు తగ్గాడు, కడుపునొప్పి లేదు. పసరు రెండుసార్లు పోయించుకున్నాడు, ఉప్పూ నూనె మానేసి పత్యం చేస్తున్నాడు. "మలం ఏ రంగులో వస్తోంది పెద్దాయనా?" అని ఎవరూ అడగలేదు. అడిగితే "తెల్లగా, సుద్ద మాదిరి వస్తాంది సారూ" అంటాడు. మూత్రాన్ని సీసాలో పోసి ఊపితే నురుగు కూడా పసుపే. ఫౌషే చుక్కకు ముదురు ఆకుపచ్చ. ఎర్లిక్‌కు ఏ రంగూ లేదు. మర్నాడు చేసినా లేదు, మూడో రోజూ లేదు. ఈ మూడు రోజుల పట్టుదల ఊరికే కాదు. నాళంలో రాయి అయితే కదులుతూ ఉంటుంది, మధ్యలో కాస్త పైత్యం జారి యూరోబిలినోజెన్ వస్తూ పోతూ ఉంటుంది. ఒక్కసారీ రాలేదంటే అడ్డం గట్టిది. పొట్ట తడిమితే కుడి పక్కటెముకల కింద నొప్పి లేని పిత్తాశయం నున్నగా తగిలింది. 1890లో కూర్వాజియే చెప్పిన గుర్తు ఇదే: పాత రాళ్ల వాపుతో గట్టిపడిన పిత్తాశయం ఇలా ఉబ్బడం అరుదు, కాబట్టి క్లోమం తల దగ్గరో నాళం చివరో గడ్డను అనుమానించాలి.

రక్తం రిపోర్టు తర్వాత వచ్చింది. మొత్తం బిలిరుబిన్ డెసిలీటరుకు 14 మిల్లీగ్రాములు, అందులో 11 డైరెక్ట్. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మామూలు హద్దుకు ఐదు రెట్లు, ఏఎల్‌టీ మాత్రం 90 యూనిట్లే. కాలేయపు వాపే అసలు జబ్బయితే ఏఎల్‌టీ వందలూ వేలూ దాటి ఉండేది. ప్రోత్రాంబిన్ సమయం 21 సెకన్లు, కంట్రోలు 13. పైత్యం లేక పేగు విటమిన్ కె పీల్చుకోలేకపోయింది. ఇంజెక్షన్ చేసిన మర్నాడు 14కు దిగింది, అంటే కాలేయం ఆ ప్రోటీన్లను చేయగల స్థితిలోనే ఉంది. ఇప్పుడు అల్ట్రాసౌండ్ తీస్తే నాళం 15 మిల్లీమీటర్లకు ఉబ్బి కనిపించింది. మామూలుగా 6 దగ్గర ఉండాలి. కడపకో తిరుపతికో పంపేటప్పుడు ఎందుకు పంపుతున్నామో ఒక్క వాక్యంలో రాయగలం. ఆపరేషన్‌కు పనికొచ్చే మూడు వారాలు పసరు దగ్గర పోయాయన్న బాధ మాత్రం మిగులుతుంది.

ఈ పరీక్షలకు హద్దులున్నాయి, దాచను. మూత్రం తాజాగా లేకపోతే యూరోబిలినోజెన్ గాలికి మారిపోతుంది, వెలుగులో పెట్టిన సీసాలో బిలిరుబిన్ తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ వాడితే పేగు బాక్టీరియా పోయి, నాళం తెరిచి ఉన్నా యూరోబిలినోజెన్ కనపడకపోవచ్చు. అసలు మెలిక వైరల్ హెపటైటిస్‌లో ఉంది. జబ్బు ముదిరిన రోజుల్లో వాచిన కాలేయం తన సన్న కాలువలనే నొక్కేసుకుంటుంది, కొన్నాళ్లు యూరోబిలినోజెన్ మాయమై నాళం మూసుకున్నట్టే ఉంటుంది. మళ్లీ అది మూత్రంలో కనిపించడం కోలుకోవడానికి తొలి గుర్తు. ఒక్కరోజు పరీక్షతో తీర్పు చెప్పేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. కొన్ని మందులు, గర్భం తెచ్చే లోపలి పైత్యస్తంభనను కూడా మూత్రం బట్టి విడదీయలేం. నాళం ఉబ్బిందా లేదా అని చెప్పేది స్కానింగే. దానికి ఆ గౌరవం ఇవ్వాల్సిందే.

పసరు మీద నా కోపానికి కారణం ఉంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. పరీక్షలప్పుడు తిండి మానిన హాస్టల్ కుర్రాడికి కళ్లు కాస్త పచ్చబడి, మొత్తం బిలిరుబిన్ 2.6, డైరెక్ట్ 0.4 ఉండి, మూత్రం తేటగా, హిమోగ్లోబిన్, ఏఎల్‌టీ మామూలుగా ఉంటే అది చాలావరకు గిల్బర్ట్ లక్షణం. అన్నం తింటే తగ్గుతుంది. ఈ రెండు ఘనతలూ పసరు ఖాతాలోకే పోతున్నాయి. ముక్కులో పిండితే పచ్చనీళ్లు కారాయని మురిసిపోతారు. ఘాటుకు ముక్కు పొర రేగి కారే నీరది, కామెర్లు కావు. చేతికి పెట్టే వాతలయితే చీము పట్టిన పుండ్లు మిగులుస్తాయి. ఇంకో మోసం కూడా ఉంది. డైరెక్ట్ బిలిరుబిన్‌లో కొంత ఆల్బుమిన్‌కు గట్టిగా అతుక్కుపోతుంది, ఆల్బుమిన్‌తో పాటే రెండు మూడు వారాలకు సగం చొప్పున తగ్గుతుంది. అందుకే జబ్బు నయమై మూత్రం తేటపడ్డాక కూడా కళ్లు పచ్చగానే ఉంటాయి. ఆ సంగతి డాక్టరు చెప్పకపోతే రోగి మళ్లీ పసరు దగ్గరికే పోతాడు.

వైద్య, నర్సింగ్, ల్యాబ్ కోర్సులు చదివే పిల్లలకు నా విన్నపం ఇది. ఫౌషే, ఎర్లిక్ పరీక్షలను ప్రాక్టికల్ రికార్డులో బొమ్మ గీసి వదిలేయకండి. కామెర్ల రోగి వస్తే రక్తం తీసే ముందే తాజా మూత్రం తెమ్మనండి, మలం రంగు అడగండి. మలం తెల్లబడి ఒళ్లు దురద పెడుతుంటే ఆ రోజే విటమిన్ కె, ఆ రోజే అల్ట్రాసౌండ్. రేపటికి వాయిదా వేయకండి.