గోందర్‌లో అబ్బా జెరోమ్ రాత

1932 జూలై నుంచి డిసెంబరు దాకా ఫ్రెంచివాళ్ల పరిశోధక బృందం ఒకటి ఇథియోపియాలోని గోందర్ పట్టణంలో మకాం వేసింది. దాని పేరు డకార్-జిబూతీ మిషన్. 1931లో పశ్చిమ ఆఫ్రికా తీరాన బయలుదేరి ఖండాన్ని అడ్డంగా దాటుతూ వచ్చింది. నాయకుడు మార్సెల్ గ్రియోల్. లెక్కాపత్రాలు, రోజువారీ రాత చూసేవాడు మిషెల్ లేరిస్ అనే ముప్పయ్యొక్కేళ్ల రచయిత. గోందర్‌లో లేరిస్‌కు అప్పగించిన పని జార్ అనే ఆత్మలు మనుషుల మీదికి వచ్చే పూనకాలను పరిశీలించడం. అతనికి అమ్హారిక్ భాష వచ్చింది కొద్దిగానే. అందుకని అతని పక్కన ఒక దుబాసీ కూర్చున్నాడు. ఆయనే అబ్బా జెరోమ్.

ఈ వ్యాసం ఆ దుబాసీ పనితనం గురించి. లేరిస్ గురించి ఇప్పటికే చాలా రాశారు.

అబ్బా జెరోమ్ ఎరిత్రియాలో పుట్టాడు, కథోలిక్ చదువు చదివాడు, ఇథియోపియా ప్రభుత్వం తరఫున వచ్చి ఈ బృందంతో చేరాడు. తిగ్రిన్యా, అమ్హారిక్, ఫ్రెంచి, ఇటాలియన్ భాషలు, ఇథియోపియా చర్చి ప్రార్థనలు జరిగే ప్రాచీన గెఎజ్ భాష, అన్నీ ఆయనకు తెలుసు. గోందర్‌కు ఇవన్నీ కావాలి కూడా. గుడిలో గెఎజ్, వీధిలో అమ్హారిక్. పూనకం వచ్చిన ఇంట్లో జార్‌లకు మాత్రమే చెల్లే మరో మాట తీరు, మామూలు పదాలను మెలిపెట్టి మార్చిన గుప్తభాష. పైగా జార్‌లందరిదీ ఒకే మతం కాదు. కొన్ని క్రైస్తవ జార్‌లు, కొన్ని ముస్లిం జార్‌లు. ఒకే గదిలో, ఒకే మనిషి నోట గంటలో ఇన్నీ వినపడతాయి.

ఆ గది మల్కామ్ అయ్యహూది. వయసు మళ్లిన మనిషి, జార్ పూనినవాళ్ల గుంపుకు పెద్ద. జబ్బుతో వచ్చినవాళ్లకు ఏ జార్ పట్టిందో చెప్పి, దాన్ని శాంతింపజేసే మార్గం చూపేది. ఆమె కూతురు ఎమవాయిష్. మన గణాచారులను చూసినవాళ్లకు ఈ ఇల్లు మరీ కొత్తగా ఉండదు. ఒక తేడా మాత్రం ఉంది. ఇక్కడ ఒక మనిషికి ఒక దేవతే అన్న లెక్క లేదు. మల్కామ్ అయ్యహూ మీదికి చాలా జార్‌లు వస్తాయి. ఒకటి యోధుడు, ఒకటి సాధువు, ఒకటి దాసి. వచ్చినవాళ్లను పలకరించడానికి ఒకటి, ఇంటి పనికి ఒకటి, కోపానికి ఒకటి. పాతికేళ్లకు పైగా గడిచాక, 1958లో, లేరిస్ దీని మీదే పుస్తకం రాశాడు. పూనకంలో నాటకపు పాలు ఎంత, నిజం ఎంత, ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడ అన్నది అతని ప్రశ్న. ఆ ప్రశ్న వేయగలగాలంటే ఒక ముడిసరుకు కావాలి: ఫలానా క్షణంలో మాట్లాడింది ఎవరు అన్న నమోదు.

దుబాసీ చేతిలో ముందుగా చెడేది సరిగ్గా ఇదే.

ఒక మామూలు సందర్భం ఊహించుకుందాం. ముసలమ్మ కాఫీ పోస్తూ కూతురిని ఏదో అంటుంది. రెండు నిమిషాల తర్వాత గొంతు బిగించి, అతిథి వైపు తిరిగి, తనకు రావలసిన మర్యాద రాలేదని గద్దిస్తుంది. తర్వాత నవ్వుతూ ఎవరి గురించో చెబుతుంది, ఆ ఎవరో కూడా తనే. అలసిన దుబాసీ ఈ మూడింటినీ కలిపి, మర్యాద తక్కువైందని ఆమె నొచ్చుకుంటోంది అని ఒక్క వాక్యంలో తేల్చేస్తాడు. వాక్యం తప్పు కాదు. కాని పరిశోధకుడి పుస్తకంలోకి చేరేది నొచ్చుకున్న ఒక ముసలమ్మ. యోధుడు పోయాడు, తన గురించి తానే మూడో మనిషిలా చెప్పుకున్న సంగతీ పోయింది. వెయ్యి పేజీలు ఇలా రాసినా పూనకం గురించి ఒక్క ముక్క తెలియదు.

అమ్హారిక్‌లో ఇంకో చిక్కుంది. ఎదుటి మనిషిని నువ్వు అన్నప్పుడే ఆడా మగా తేలిపోతుంది. సర్వనామం వేరు, క్రియ వేరు. మగ జార్ పూనిన ఆడమనిషిని మగవాడిగానే సంబోధిస్తారు. మన ఏరా, ఏమేలు చేసే పని అక్కడ ప్రతి క్రియా చేస్తుంది. ఫ్రెంచిలో నువ్వుకు లింగం లేదు. కాబట్టి అమ్హారిక్ మాట ఫ్రెంచిలోకి దిగగానే, గదిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిన ఒక సంగతి చప్పుడు లేకుండా జారిపోతుంది. ఎంత నిజాయితీపరుడైన దుబాసీ అయినా నోటితో అనువదించి ఊరుకుంటే దీన్ని నిలబెట్టలేడు.

అబ్బా జెరోమ్ నోటితో అనువదించి ఊరుకోలేదు. రాశాడు. పాట వస్తే పాట, తిట్టు వస్తే తిట్టు, దీవెన వస్తే దీవెన, అక్కడే, అప్పుడే, అమ్హారిక్‌లో, ఆ లిపిలోనే నోటుపుస్తకంలోకి ఎక్కించాడు. పక్కన లేరిస్ కంటికి కనబడేదాన్ని ఫ్రెంచిలో రాసుకునేవాడు. తర్వాత ఇద్దరూ కూర్చుని అమ్హారిక్ పాఠాన్ని ఫ్రెంచిలోకి తెచ్చుకునేవాళ్లు. వినడం, రాయడం, అనువదించడం అనే మూడు పనులను విడదీసి, వాటి మధ్య కాగితం పెట్టడం. ఇందులో కష్టమేమిటో, ఇద్దరు మాట్లాడుకుంటుంటే పొల్లుపోకుండా రాయడానికి పది నిమిషాలు ప్రయత్నించినవాళ్లకు తెలుస్తుంది. ఇక్కడ మాట్లాడేవాళ్లు ఇద్దరు కాదు. డప్పు, చప్పట్లు, సాంబ్రాణి పొగ, పైగా వచ్చిన జార్‌కు తల వంచి జవాబివ్వడం కూడా దుబాసీ బాధ్యతే.

లేరిస్ డైరీ 1934లో పుస్తకంగా వచ్చింది. అందులో అతను ఈ మనిషి మీద చాలాసార్లు విసుక్కుంటాడు. కాగితాలు చెల్లాచెదురు చేస్తాడని, అడగమన్నది వదిలి ఇంకేదో పట్టుకుంటాడని, ఎదుటివాళ్లతో మర్యాదలు మరీ ఎక్కువని. నాకు ఈ ఫిర్యాదుల్లో చాలావరకు యోగ్యతాపత్రాల్లా కనిపిస్తాయి. గ్రియోల్ పద్ధతిలో ప్రశ్నలు ముందే సిద్ధంగా ఉంటాయి. చెప్పేవాణ్ణి నేర విచారణలో సాక్షిలా చూసి, తప్పించుకోకుండా నిలదీయాలని ఆయన నమ్మకం. అలాంటి చోట ప్రశ్నను సూటిగా దాటించేవాడే మంచి దుబాసీ. పూనకం ఇంట్లో మాత్రం ప్రశ్న వేసే హక్కు వచ్చిన జార్‌ది. అక్కడ నిలదీస్తే దొరికేది నిలదీసినందుకు పుట్టిన జవాబే. వాళ్లు తమలో తాము అనుకున్న మాట దొరకాలంటే అడగమన్నదాన్ని పక్కన పెట్టి, వచ్చినదాన్ని రాసుకోగలగాలి. జెరోమ్ చేసింది అదే.

అలాగని ఆ నోటుపుస్తకాలు మచ్చలేనివేమీ కావు. ఆయన చదువుకున్న మతస్థుడు, పైగా ప్రభుత్వం మనిషి. అలాంటివాడు ఎదురుగా కూర్చుంటే మాట్లాడేవాళ్లు కొంత సర్దుకుంటారు. కాస్త గ్రంథాల పలుకుబడి వస్తుంది, కొన్ని బూతులు ఆగిపోతాయి. బృందం దిగింది ఇటలీ కాన్సులేట్ ఆవరణలో. మూడేళ్లలో, 1935లో, ఇటలీ ఆ దేశం మీదికి దండెత్తింది. ఆ గేటు దాటి లోపలికి వచ్చి చెప్పిన మాట, మల్కామ్ అయ్యహూ ఇంట్లో చెప్పిన మాట ఒకటిగా ఉండవు. లేరిస్ ఆమె ఇంటికే వెళ్లి పగళ్లూ రాత్రులూ గడపడానికి ఇదో కారణమని నా ఊహ. ఇంకా పెద్ద విషయం డబ్బు. బలికి జంతువులు కొనిచ్చింది బృందమే. లేరిస్ తన పేరనే ఒక బలి జరిపించుకున్నాడు. అంటే చూడవచ్చినవాళ్లే ఆ తంతుకు యజమానులయ్యారు. దీన్ని ఏ దుబాసీ నైపుణ్యమూ సరిచేయలేదు. ఈ సంగతి దాచకుండా డైరీలో రాయడం లేరిస్ గొప్ప.

మూల భాషలో రాత లేకపోతే ఏమవుతుందో ఇదే గ్రియోల్ తర్వాతి జీవితంలో కనిపిస్తుంది. 1946లో మాలీలోని దోగోన్ ప్రాంతంలో ఒగొతెమ్మేలీ అనే అంధ వృద్ధుడు ముప్పయి మూడు రోజుల పాటు తమ సృష్టి గాథ చెప్పాడు. మధ్యలో కోగెమ్ అనే సార్జెంటు దుబాసీ. దాన్ని గ్రియోల్ 1948లో పుస్తకంగా తెచ్చాడు, అది లోకప్రసిద్ధం. పాఠకుడికి అందేది గ్రియోల్ చక్కటి ఫ్రెంచి మాత్రమే. 1991లో వాల్టర్ వాన్ బేక్ అనే డచ్ మానవశాస్త్రవేత్త, దోగోన్లతో ఏళ్ల తరబడి పనిచేసి, ఆ గాథలోని ముఖ్య విషయాలు అక్కడ ఎవరికీ తెలియవని ప్రకటించాడు. అవి ముసలాయన సొంత కల్పనా? దుబాసీ పూడ్చిన ఖాళీలా? గ్రియోల్ ప్రశ్నల్లోనే ఉన్న జవాబులా? పండితులు వాదించుకున్నారు, తేలలేదు. ఏ వాక్యం ఎవరి నోట పుట్టిందో ఆ పుస్తకంలో చూసి చెప్పే దారి లేదు. గోందర్ విషయంలో ఆ దారి ఉంది. జెరోమ్ నోటుపుస్తకాలు పారిస్ చేరాయి. తర్వాతి పండితులు వాటిని తెరిచి లేరిస్ ఫ్రెంచితో పోల్చి చూడగలిగారు.

దుబాసీ పని పలచబడుతోందని పనిలో ఉండగానే పట్టుకోవచ్చు. పెద్ద జవాబు వచ్చిన చోట చిన్న అనువాదం వస్తే ఆగాలి. వేర్వేరు మనుషుల జవాబులు ఒకే అచ్చులో వస్తుంటే ఆ అచ్చు దుబాసీది. చదువురాని పూజారి నోట శాస్త్రం మాటలు వరసగా వస్తుంటే మూలంలో ఏముందో అడగాలి. అన్నింటికన్నా మనవాళ్లు మరిచిపోయేది ప్రశ్న. జవాబును రికార్డు చేస్తారు, దుబాసీ ఆ ప్రశ్నను వాళ్ల భాషలో ఏమని అడిగాడో రికార్డు చేయరు. ఫోను ఆన్ చేసి మొత్తం నడవనిచ్చి, తర్వాత ఇంకో మనిషి చేత, మొదటి అనువాదం చూపకుండా, కొన్ని భాగాలు మళ్లీ రాయిస్తే తేడాలు బయటపడతాయి. ఇది మన ఏజెన్సీ ఊళ్లలో కోయ, కువి మాట్లాడే పూజారుల దగ్గరికి తెలుగు దుబాసీతో వెళ్లేవాళ్లకూ వర్తిస్తుంది. మెకంజీ వెంట తిరిగిన కావలి సోదరుల కాలం నుంచి దుబాసీగిరి మనకు కొత్త కాదు. వాళ్లు సేకరించిన కైఫీయతులు తెలుగులోనే మిగలబట్టి ఈనాటికీ మనం వాటిని తిరగేసి చూసుకోగలుగుతున్నాం.

పూజల మీద, పూనకాల మీద ఎవరైనా పరిశోధన పుస్తకం ఇస్తే, ముందుమాటలో రెండు విషయాలు వెతకండి: దుబాసీ ఎవరు, మూల భాషలో రాసినది ఎక్కడ దాచారు. ఆ రెండూ లేకపోతే, లోపల కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న మాటలను పూజారి మాటలుగా మరోచోట ఉదహరించకండి.